ఆ స్నానం ఎవరు చేయమన్నారు? స్వలింగ ఆకర్షణ, సిగ్గు, కులం

స్వలింగ ఆకర్షణ ఉన్న మనిషి లోపల పేరుకుపోయిన సిగ్గు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మన విశ్వవిద్యాలయాల్లో రెండు జవాబులు వినిపిస్తాయి. దాన్ని బ్రిటిష్ వాళ్లు తెచ్చారని, 1860 నాటి శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ రాసి మనకు అంటగట్టారని, అంతకుముందు ఈ దేశం ఎంతో ఉదారంగా ఉండేదని మొదటి జవాబు. రెండోది మన అంబేడ్కరైట్ మిత్రులే కొందరు అంటారు: ఇది కడుపు నిండిన సవర్ణుల గోల, మన వాడల్లో ఇలాంటివి ఉండవు. మొదటిది సగం నిజం, రెండోది పూర్తి అబద్ధం. ఆ సిగ్గును తయారుచేసింది కులం. దాన్ని వదిలించుకునే పనిముట్లు కూడా కులంతో కొట్లాడినవాళ్ల దగ్గరే ఉన్నాయి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు నేనెవరో చెప్పాలి. సూరత్‌లో తెలుగువాళ్లు అనగానే లింబాయత్, ఉధ్నా గుర్తొస్తాయి. మా నాన్న మాత్రం కరీంనగర్ వైపు నుంచి వచ్చి కతర్‌గామ్‌లో సాంచాలు నడిపాడు. మేం మాలలం. నేను గేని. కతర్‌గామ్‌లో ఒకపక్క సౌరాష్ట్ర నుంచి వచ్చిన వజ్రాల పనివాళ్లు, ఇంకోపక్క మరమగ్గాల ఖాతాలు. వేడ్ రోడ్డు వైపు వెళ్తే ఒడిశా గంజాం జిల్లా నుంచి వచ్చిన కార్మికులు వేలమంది కనిపిస్తారు. షిఫ్టు 12 గంటలు, కూలి మీటర్ల లెక్క. భార్యాపిల్లలు ఊళ్లో ఉంటారు. మగవాళ్లు ఒక్కో గదిలో పదేసి మంది ఉంటారు. పగటి షిఫ్టు మనిషి లేచి వెళ్లిన చాప మీదే రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన మనిషి ఒళ్లు వాలుస్తాడు. 'మన వాడల్లో ఇలాంటివి ఉండవు' అనేవాళ్లు ఈ గదులను చూడలేదు. చూసినా మాట్లాడలేదు.

ప్రభుత్వం మాత్రం చూసింది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ లెక్కల్లో మగవాళ్లతో సంబంధమున్న మగవాళ్లు ఒక 'కోర్' వర్గం, వలస కార్మికులు, లారీ డ్రైవర్లు 'బ్రిడ్జ్' వర్గం. అంటే రోగం ఒకచోటి నుంచి ఇంకోచోటికి దాటే వంతెన. కండోమ్ ఇవ్వడం, రక్త పరీక్ష చేయడం ప్రాణాలు కాపాడే పనులే, కాదనను. కానీ కార్మికుడి కోరిక గురించి రాజ్యానికి తెలిసిన ఒకే ఒక భాష రోగం భాష అయినప్పుడు, ఆ కార్మికుడు కూడా తనను తాను ఆ భాషలోనే అర్థం చేసుకుంటాడు.

ఈ గదుల్లో బతికిన ఒక మనిషి గురించి చెప్తాను. పేరు, ఊరు చెప్పను, అన్న అంటాను. మా వాడవాళ్లకు దూరపు బంధువు. ఇరవై రెండేళ్లకే ఊళ్లో పెళ్లయింది. ఖాతాలో పక్క సాంచా నడిపే మనిషితో కొన్నేళ్లుగా దగ్గరితనం. ఆ మనిషితో గడిపిన ప్రతిసారీ, అది ఏ రాత్రయినా సరే, అన్న సిమెంటు తొట్టి దగ్గర కట్టుకున్న లుంగీతోనే తల మీద నుంచి నీళ్లు పోసుకునేవాడు. నూలు దుమ్ము, నూనె మరకలు పోవడానికి చేసే స్నానం వేరు, అది సబ్బుతో, షిఫ్టు దిగగానే అయిపోతుంది. ఇది చావు ఇంటి నుంచి వచ్చినవాడు చేసే స్నానం. ఎందుకన్నా అని అడిగితే ఆయన చెప్పిన మాట: "మైల తమ్మీ. నీళ్లు పోసుకోకుంటె అన్నం ముద్ద దిగది."

మైల అన్న మాట 377లో లేదు. ఆ సెక్షన్ 'ప్రకృతి విరుద్ధం' అంది, పదేళ్ల వరకో జీవితాంతమో జైలు అంది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు నవతేజ్ సింగ్ జోహర్ తీర్పులో, ఇష్టపూర్వకంగా కలిసే పెద్దవాళ్ల మీద దాన్ని ప్రయోగించడం ఆపేసింది. అన్న స్నానం ఆగలేదు. ఎందుకంటే ఆ స్నానాన్ని మెకాలే విధించలేదు. మనుస్మృతి పదకొండో అధ్యాయం తిరగేయండి. మగవాడు మగవాడితో కలిస్తే అది జాతి భ్రంశం, అంటే కులం పోగొట్టే పనుల జాబితాలోది. అదే అధ్యాయంలో ముందుకు వెళ్తే, అలా కలిసిన ద్విజుడు కట్టుబట్టలతో స్నానం చేయాలని ప్రాయశ్చిత్తం ఉంది.

సవర్ణ క్వియర్ రచయితలు కొందరు ఈ శ్లోకాన్ని చూపించి, చూశారా, శిక్ష ఎంత తేలికో, వట్టి స్నానమే అంటారు. శిక్ష బరువు కాదు ఇక్కడ చూడాల్సింది, ఆ పనిని ఏ గంపలో వేశారన్నది. కులం పోవడం అన్న గంపలో వేశారు. ఎనిమిదో అధ్యాయంలో ఆడవాళ్ల సంగతి ఇంకా స్పష్టం. ఒక కన్య ఇంకో కన్యను 'చెరిస్తే' జరిమానా, కొరడా దెబ్బలు, దాంతోపాటు కన్యాశుల్కానికి రెట్టింపు సొమ్ము కట్టాలి. పెళ్లయిన స్త్రీ ఆ పని చేస్తే తల గొరగడమో, రెండు వేళ్లు నరకడమో చేసి గాడిద మీద ఊరేగించాలి. కన్యాశుల్కం లెక్క ఎందుకొచ్చింది? నష్టపోయిన వస్తువు ఆ అమ్మాయి కన్యాత్వం, అంటే పెళ్లి సంతలో ఆమె విలువ కాబట్టి. ఆ ఇద్దరి ప్రేమ గురించి మనువుకు పట్టింపే లేదు. పట్టింపంతా పెళ్లి గురించి, ఆ పెళ్లి నిలబెట్టే కులం గురించి. అన్న ఈ పుస్తకం చదవలేదు, ఆయన పూర్వీకులకు వినే హక్కే లేదు. అయినా అది ఆయన తొట్టి దాకా ఎలా వచ్చింది?

దీనికి జవాబు 1916లో కొలంబియాలో అంబేడ్కర్ చదివిన 'భారతదేశంలో కులాలు' వ్యాసంలో ఉంది. కులం అంటే అంతర్వివాహం అని ఆయన తేల్చాడు. కులం లోపల ఆడా మగా లెక్క సరిగ్గా జతపడాలి, భర్త చనిపోయిన స్త్రీ, భార్య చనిపోయిన పురుషుడు మిగిలిపోతే ఆ లెక్క చెడుతుంది, అందుకే సతి, నిర్బంధ వైధవ్యం, బాల్య వివాహం పుట్టాయని చూపించాడు. స్వలింగ ఆకర్షణ గురించి ఆయన అక్కడ ఏమీ అనలేదు. ఆ సూత్రాన్ని పొడిగిస్తున్నది నేను. ప్రతి శరీరమూ పుట్టకముందే ఒక కులం పెళ్లికి రిజర్వు అయిపోయి ఉంటే, ఆ పెళ్లి వైపు తిరగని కోరిక ఏదైనా ఆ లెక్కను చెడగొట్టేదే. కులాంతరంగా ప్రేమించినవాణ్ణి బయటి నుంచి చంపుతారు. స్వలింగంలో ప్రేమించినవాడికి లోపలే ఒక కాపలావాణ్ణి పెడతారు. ఆ కాపలావాడి పేరే సిగ్గు.

అదే వ్యాసంలో రెండో విషయం కూడా ఉంది. పై కులాల ఆచారాలను కింది కులాలు అనుకరించడం వల్ల కులం వ్యాపించిందని అంబేడ్కర్ చెప్పాడు, దాన్ని అంటురోగంతో పోల్చాడు. మన ఇళ్లలో 'పరువు' అలా వచ్చిందే. మా అమ్మలు, నాయనమ్మలు మారుమనువు చేసుకున్నవాళ్లు, పొలంలో మగవాళ్లతో సమంగా మాట్లాడినవాళ్లు. నాలుగు మెతుకులు, ఒక పక్కా ఇల్లు రాగానే మొదట నేర్చుకున్నది దొరల ఇంటి పరువు. అందులోనూ మనకు రెట్టింపు భారం. మనల్ని ఎప్పుడూ నీతి లేనివాళ్లని తిట్టారు కాబట్టి, మనం మిగతావాళ్లకంటే ఎక్కువ నీతిగా కనిపించాలి. దళిత కుటుంబంలో గే కొడుకు పుడితే ఆ భయం ఇలా మాట్లాడుతుంది: అసలే మాలోళ్లం, ఇంక దీనికి కూడా మాట పడాలా? ఒక సిగ్గు మీద ఇంకో సిగ్గు. కులం వల్ల పడ్డ అవమానాన్ని కొడుకు శరీరం మీద తీర్చుకుంటున్నామని ఆ తల్లిదండ్రులకు తెలియదు.

ఇది పేదల అజ్ఞానం అనుకునేవాళ్లు సూరత్‌కు దగ్గర్లోనే ఉన్న రాజ్‌పిప్లా వైపు చూడండి. అక్కడి రాజవంశీకుడు మానవేంద్ర సింగ్ గోహిల్ 2006లో తాను గే అని పత్రికకు చెప్పాడు. ఊళ్లో దిష్టిబొమ్మలు తగలబెట్టారు. కుటుంబం అతనితో తెగతెంపులు చేసుకుంటున్నామని పత్రికల్లో ప్రకటన ఇచ్చింది. వంశం, వారసత్వం, ఆస్తి అక్కడ బాహాటంగా బయటపడ్డాయి. తేడా ఏమిటంటే, ఆయన వెనక ఒక పేరుంది, భూమి ఉంది, వినే పత్రిక ఉంది. ఆయన మొదలుపెట్టిన లక్ష్య ట్రస్టు గుజరాత్‌లో ఎయిడ్స్ నివారణ పని చేసింది, దాన్ని తక్కువ చేయను. కానీ అన్న తన సంగతి బయటపెడితే అదే రాత్రి చాప పోతుంది, మేస్త్రీ పని ఇవ్వడు, ఊళ్లో ఆయన చెల్లెలి సంబంధం ఆగిపోతుంది. కాబట్టి 'బయటికి వచ్చెయ్, సిగ్గు పోతుంది' అన్న సలహా భూమి ఉన్నవాడి సలహా. సిగ్గును వదులుకోవడం, బయటపడటం రెండు వేరు పనులు. మొదటిది రెండోది లేకుండా కూడా సాధ్యమే.

ఎలా సాధ్యమో చెప్పేముందు ఒక పాత కేసు గుర్తుచేయాలి, ఎందుకంటే మన వాళ్లలో చాలామందికి తెలియదు. మరాఠీలో ర.ధో. కర్వే 'సమాజ్ స్వాస్థ్య' అనే పత్రిక నడిపేవాడు. పాఠకులు సిగ్గుపడి ఎవరినీ అడగలేని లైంగిక ప్రశ్నలు పంపితే జవాబులిచ్చేవాడు. వాటిలో హస్తప్రయోగం గురించీ, స్వలింగ సంబంధాల గురించీ ఉన్నాయి. 1934లో అశ్లీలత కేసు పడింది. బొంబాయిలో ఆయన తరఫున వాదించినవాడు అంబేడ్కర్. లైంగిక విషయాల మీద రాసిందల్లా అశ్లీలం కాదని, జనం అడిగిన ప్రశ్న వికృతమని అనుకున్నా దాన్ని పోగొట్టేది జ్ఞానమే తప్ప దాపరికం కాదని ఆయన వాదన. హావ్‌లాక్ ఎల్లిస్ రచనలను ఆధారంగా చూపించాడు. కేసు ఓడిపోయారు, కర్వేకు జరిమానా పడింది. 'వికృతి' అన్న మాట ఆ కాలపు కోర్టు భాష, దాన్ని ఈరోజు మనం మోయక్కర్లేదు. మోయాల్సింది ఆ పద్ధతిని: అడిగినవాణ్ణి సిగ్గుపరచకుండా, అడిగినదానికి తెలిసిన జవాబు చెప్పడం. 'ఇది మన ఎజెండా కాదు' అనే మిత్రులకు, మన ఎజెండాలోకి దీన్ని తెచ్చింది ఎవరో ఇప్పుడు తెలిసి ఉండాలి.

ఇక సిగ్గు పట్టు సడలే తీరు. అమెరికా పరిశోధకుడు ఇలాన్ మేయర్ 2003లో రాసిన వ్యాసంలో మైనారిటీ మనిషి మోసే ఒత్తిడిని పొరలుగా విడదీశాడు. బయట జరిగే హింస, వివక్ష ఒక పొర. ఎప్పుడు తిరస్కరిస్తారో అన్న ఎదురుచూపు, దాచుకోవడం, ఆ ద్వేషాన్నే తనలోకి తీసుకోవడం లోపలి పొరలు. ఈ విభజన వల్ల ఒక ఉపయోగం ఉంది. దాచుకోవడం కొన్నిసార్లు అవసరమైన రక్షణ. ద్వేషాన్ని లోపలికి తీసుకోవడం మాత్రం ఎవర్నీ రక్షించదు. మేస్త్రీకి చెప్పకపోవడం జాగ్రత్త. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా తన నడక, గొంతు తానే కాపలా కాసుకోవడం, కొంచెం ఆడంగి నడక ఉన్న ఇంకో కుర్రవాణ్ణి అందరికంటే ముందు తానే ఎగతాళి చేయడం సిగ్గు. అన్న ఆ రెండూ చేసేవాడు. పని మొదలవ్వాల్సింది అక్కడ.

మేం రెండేళ్లలో చేసిన పనులు మూడే. మొదటిది, ఆ గొంతు ఎవరిదో కనుక్కోవడం. 'నువ్వు మైల' అని లోపల వినిపించినప్పుడు, ఆ మాట మొదట ఎవరి నోటి నుంచి విన్నావని అడిగాను. చాలా రోజులు జవాబు రాలేదు. ఒకరోజు చెప్పాడు: చిన్నప్పుడు ఊరి బావి దగ్గర నీళ్లు ఎత్తి పోసేటప్పుడు పటేల్ ఇంటి మనిషి అన్న మాట అది, తన బిందె తగిలినందుకు. కోరిక పుట్టకముందే మైల అన్న మాట ఆయనలో ఉంది. తర్వాత కోరిక వచ్చి దానికి తగులుకుంది. ఆ బావి దగ్గర మాటను ఆయన ఎన్నడూ నమ్మలేదు, దాని మీద కోపం ఉంది. అదే మాటను తన మంచం విషయంలో ఎందుకు నమ్ముతున్నాడన్న ప్రశ్నకు ఆయన దగ్గర సమాధానం లేదు. కులం అవమానాన్ని ఎదిరించిన అనుభవం ఉన్న మనిషికి ఈ దారి దగ్గర. అది సవర్ణ గేకు లేని ఆస్తి.

రెండోది మాట బయటికి రావడం. జాన్ పచాంకిస్, మార్విన్ గోల్డ్‌ఫ్రీడ్ 2010లో ప్రచురించిన ఒక ప్రయోగంలో గే కళాశాల విద్యార్థులు వరసగా మూడు రోజులు, రోజుకు 20 నిమిషాలు, గే అయినందువల్ల తమను ఎక్కువ బాధపెట్టిన సంఘటన గురించి రాశారు. మూడు నెలల తర్వాత చూస్తే, మామూలు విషయాలు రాసినవాళ్లకంటే వీళ్లలో తమ గురించి దాపరికం తగ్గింది. కానీ అది సొంత గది ఉన్న విద్యార్థుల మీద చేసిన ప్రయోగం. పదిమంది ఉన్న గదిలో కాగితం ప్రమాదం, పైగా అన్నకు రాయడం ఇబ్బంది. తాపీ ఒడ్డున నడుస్తూ ఫోన్‌లో మాట రికార్డు చేసి, ఒకసారి విని, చెరిపేసేవాడు. చెరపడం ముఖ్యం, ఆ గదుల్లో ఫోన్లు చేతులు మారతాయి. మొదటి రోజులన్నీ ఏడుపే. మాట్లాడాక రెండు మూడు రోజులు మనసు ఇంకా బరువెక్కుతుంది, అది మామూలే. వారాలు గడిచినా తగ్గకపోతే, చావు ఆలోచన వస్తే, అది ఒంటరిగా మోయాల్సింది కాదు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు.

మూడోది ఆ స్నానం. మానొద్దు, ఆలస్యం చెయ్ అన్నాను. తంతులతో భయాన్ని అణచుకునేవాళ్లకు కౌన్సెలర్లు చెప్పే పద్ధతి ఇదే: తంతు చేయకపోతే ఏదో ఘోరం జరుగుతుందన్న భయం, కాసేపు ఆగి చూస్తే దానంతటదే దిగుతుంది. ముందు పది నిమిషాలు, తర్వాత అరగంట, తర్వాత పొద్దున షిఫ్టు దాకా. ఒకరోజు తొట్టి దగ్గరికి వెళ్లకుండా అన్నం తిన్నాడు. ముద్ద దిగింది.

ఇక్కడ దారి తప్పించేవాళ్లు ఇద్దరు. ఒకడు గోడల మీద ప్రకటనలతో 'మగతనం' అమ్మే వైద్యుడు. అన్న అలాంటి ఒకడికి మూడు నెలల కూలి పోశాడు. గుర్తుపట్టడం సులువు: దీన్ని మారుస్తానన్నవాడు ఎవడైనా మోసగాడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి తీసేసింది. 2017 నాటి మన మానసిక ఆరోగ్య చట్టం మూడో సెక్షన్, చుట్టూ ఉన్న సమాజపు నీతికి ఒదగలేదన్న కారణంతో ఎవరినీ మానసిక రోగి అనకూడదంటుంది. 2021 జూన్‌లో మద్రాసు హైకోర్టు సుష్మ కేసులో ఈ 'మార్పు చికిత్స'ను నిషేధించమంది, మరుసటి ఏడాది జాతీయ వైద్య కమిషన్ దాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. రెండోవాడు ఇంట్లోనే ఉంటాడు: పెళ్లి చేస్తే కుదురుకుంటాడు అనే పెద్దమనిషి. ఆయన వైద్యానికి మందుగా వాడేది ఒక ఆడపిల్ల జీవితాన్ని.

వదిన సంగతి అందుకే దాటవేయలేను. అన్న సిగ్గు సడలింది, దానితో వదినకు న్యాయం జరిగిపోలేదు. ఊళ్లో ఆమె ఎదురుచూపు అలాగే ఉంది. ఒకటి మాత్రం మారింది. అంతకుముందు తన మీది అసహ్యాన్ని ఆమె మీద చిరాకుగా తీర్చుకునేవాడు, ఫోన్ కూడా ఎత్తేవాడు కాదు. ఇప్పుడు ఎత్తుతున్నాడు, కూలి డబ్బు ఆమె పేరు మీద ఖాతాలో వేస్తున్నాడు, తమ్ముడికి పెళ్లి బలవంతం చేస్తుంటే ఊరికెళ్లి అడ్డం నిలబడ్డాడు. ఆమెకు ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది ఇంకా తేలలేదు. సిగ్గులో మునిగిన మనిషికి ఆ ప్రశ్న కనబడను కూడా కనబడదు, ఎందుకంటే సిగ్గు ఎప్పుడూ తన గురించే ఆలోచిస్తుంది.

మన విద్యార్థి సంఘాలకు, పరిశోధకులకు నా డిమాండ్ ఒకటే. డిసెంబర్ 25న మహాడ్ గుర్తుగా మనుస్మృతిని తగలబెట్టేటప్పుడు ఎనిమిదో అధ్యాయం, పదకొండో అధ్యాయం కూడా చదివి వినిపించండి, ఎవరి స్నానం ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు తెలియనివ్వండి. 1916 వ్యాసం చదివే స్టడీ సర్కిల్‌లో అంతర్వివాహం అంటే మన శరీరాలకు ఏమైందో మాట్లాడండి. మీ హాస్టల్ గదిలో నడక మీద, గొంతు మీద జోకు పేలినప్పుడు నవ్వకండి. ఆ గదిలో అన్న లాంటివాడు ఒకడు ఉంటాడు, ఆ జోకుకు అందరికంటే గట్టిగా నవ్వుతున్నది వాడే కావచ్చు.